బాస్‌కి ‘నో’ చెప్పాలా? ముందు ‘చూస్తాను సార్’ మానేయండి!

గురువారం సాయంత్రం 6:10. గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా రోడ్డు ఎంత ఎర్రగా ఉందో మ్యాప్‌లో చూసుకుంటూ బ్యాగు సర్దుకుంటుంటారు. సరిగ్గా అప్పుడే టింగుమని బాస్ మెసేజ్: ‘ఫ్రీయా? చిన్న పని ఉంది.’

నాలుగు మాటలే. కానీ అందులో రెండు ఉచ్చులున్నాయి. ‘ఫ్రీయా’ అన్నదానికి అవునంటే పని వచ్చి పడుతుంది. కాదంటే ‘ఏం చేస్తున్నావ్?’ అని ఇంకో ప్రశ్న వస్తుంది. ఇక ‘చిన్న పని’ సంగతి. ఆ పని సైజు ఎంతో తేల్చింది చేసేవాళ్లు కాదు, అడిగేవాళ్లు. చెప్పులేసుకోనివాడికి ఎంత దూరమైనా ‘ఇక్కడేగా’ అన్నట్టే ఉంటుంది.

మామూలు బాస్ అయితే ‘ఇవాళ కుదరదు సార్’ అనేసి వెళ్లిపోవచ్చు. ఇక్కడ మన గొడవ ఇంకో రకం బాస్‌తో. ఆయన మంచివాడే. అరవడు. కానీ ఆయన దగ్గర ఎప్పుడూ సరే అనేవాడికే మంచి రేటింగ్, ఆన్‌సైట్ ఛాన్స్, టీమ్ లంచ్‌లో పక్క సీటు. అలాంటి చోట ఒక్క ‘నో’ అంటే అప్రైజల్‌లో ఎంత కట్ అవుతుందోనని భయం. ఆ భయం ఉత్తిదేం కాదు. అందుకే ‘ధైర్యంగా నో చెప్పండి’ లాంటి సలహాలు ఇక్కడ పనికిరావు. ముందు అర్థం చేసుకోవాల్సింది ఆయనకి ‘ఎస్’ అంటే ఎందుకంత ఇష్టమో.

ఆయనకి కావాల్సింది మీ ‘ఎస్’ కాదు

బాస్ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. మన టీముల్లో సగానికి సగం అమెరికా క్లయింట్లే కదా. రాత్రి 9:30కి కాల్. డల్లాస్‌లో వేసవి అయితే అప్పుడు పొద్దున 11. అవతల క్లయింట్ మేనేజర్ ‘ఇది మంగళవారానికి అవుతుందా?’ అంటాడు. అక్కడ మన బాస్ ఏదో ఒకటి చెప్పాలి. ‘కనుక్కుని చెప్తాను’ అని రెండుసార్లు అంటే, మూడోసారి మెయిల్ ఆయన పైవాడికి వెళ్తుంది. దానికి మన భాషలో ‘ఎస్కలేషన్’ అని పేరు. ఆ పదం వింటే మేనేజర్లకి నిద్ర పట్టదు.

అందుకే సరే అనేవాడు ఆయనకి దేవుడిలా కనిపిస్తాడు. వాడి వల్ల పని అయిందా లేదా అన్నది తర్వాత. ఆ రాత్రి కాల్‌కి ఆయన నిశ్చింతగా వెళ్లగలిగాడు, అది ముఖ్యం. అంటే ఆయన మార్కులు వేసేది ‘ఎస్’ అన్న మాటకి కాదు, ఆ మాట ఇచ్చే నిశ్చింతకి.

ఇది అర్థమైతే సగం దారి దొరికినట్టే. పని కాదంటూనే ఆ నిశ్చింత ఇవ్వగలిగితే, ఆయన ఖాతాలో అది ‘నో’గా పడదు. ఇంకో సంగతి కూడా దీన్నుంచే తెలుస్తుంది. మీ ‘నో’కి ఒక టైమ్ ఉంది. రాత్రి కాల్‌కి ముందు చెబితే దాని ఖరీదు చాలా తక్కువ. ఆయన ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు కాబట్టి. అదే ‘నో’ మర్నాడు పొద్దున చెబితే, ఆయన ఇచ్చిన మాటని వెనక్కి తీసుకోమంటున్నట్టు. మాట ఒకటే, కానీ రాత్రికి రాత్రి పదింతలు ఖరీదవుతుంది. కాబట్టి మెసేజ్ చూసి, ఫోన్ బోర్లా పెట్టి, ‘రేపు చూసుకుందాంలే’ అనుకోవడమే అన్నిటికంటే నష్టం.

‘చూస్తాను’ అంటే ఏమిటండీ?

మన తెలుగువాళ్లకి ఒక గొప్ప మాట ఉంది. ‘చూస్తాను.’ పెళ్లి పిలుపుకీ అదే, అప్పు అడిగినా అదే, ఆఫీసులోనూ అదే. మన మనసులో దానికి అర్థం ‘కుదరదు, కానీ మొహం మీద చెప్పలేను’ అని. ఊళ్లో ఎదుటివాళ్లకి ఆ సంగతి తెలుసు. పక్కింటి బాబాయ్ ‘చూస్తానమ్మా’ అంటే ఆయన రాడని అమ్మ అప్పుడే లెక్కేసుకుంటుంది, ఆయన భోజనం తీసేస్తుంది.

ఆఫీసులో అలా కాదు. మీరు ‘చూస్తాను సార్’ అంటే బాస్ చెవికి ‘చేస్తాను సార్’ అనే వినిపిస్తుంది. ఎందుకంటే ఆయనకి అలా వినడమే అవసరం. ‘ట్రై చేస్తాను’ కూడా అంతే. ఆయన రాత్రి కాల్‌లో ‘మావాళ్లు చేస్తున్నారు’ అనేస్తాడు. మంగళవారం పని కాకపోతే ‘నేను చూస్తానన్నాను గానీ చేస్తాననలేదు కదా’ అని మీరు అనలేరు. అన్నా ఆయన నమ్మడు.

పైగా బాస్ తెలుగువాడు కాకపోతే ఇంకా కష్టం. పుణె మేనేజర్‌కో, చెన్నై మేనేజర్‌కో మన సాగదీత, మన చిన్న నవ్వు, మన ‘ఊఁ’ వెనకున్న సందేహం అస్సలు తెలియవు. ‘చూస్తాను’ వల్ల మీరు ఈ సాయంత్రం ఇబ్బంది తప్పించుకుంటారు. దాన్నే వడ్డీతో సహా మంగళవారం కడతారు. సూటిగా ‘కాదు’ అన్నవాడి మీద బాస్‌కి చిరాకు వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. ‘చూస్తాను’ అని ముంచినవాడి మీద మాత్రం నమ్మకం పోతుంది. అది తిరిగి రావడానికి ఏడాది పడుతుంది.

ఒక ఎక్సెల్ బటన్ కథ

నాకు బాగా తెలిసిన ఒక టీమ్‌లో జరిగిన సంగతి ఇది. పేర్లు వద్దు. నాలుగేళ్ల అనుభవం ఉన్న ఒకమ్మాయి. బాస్‌ని పేరు పెట్టే పిలవాలని కంపెనీ రూలు, అయినా తెలుగు నోటికి ‘సార్’ రాకుండా ఉండదు కదా, సార్ అనే పిలుస్తుంది.

గురువారం సాయంత్రం బాస్ అడిగాడు. ‘రిపోర్ట్ పేజీలో ఎక్సెల్ డౌన్‌లోడ్ బటన్ పెట్టాలి. మంగళవారం క్లయింట్‌కి కావాలి. రెండు గంటల పని, అంతే.’

ఆ అమ్మాయి చేతిలో అప్పటికే ఏముందో చూడండి. స్ప్రింట్ వచ్చే బుధవారం అయిపోతుంది. అంటే శుక్ర, సోమ, మంగళ, బుధ, నాలుగు పని దినాలు. పేమెంట్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించే రీట్రై ఫీచర్ మిగిలింది రెండున్నర రోజులు. బుధవారం దాని రిలీజ్. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ కూడా తనదే, దానికి ఒక పూట అనుకుందాం. కోడ్ రివ్యూలు, కొత్తగా చేరిన అబ్బాయికి పని నేర్పడం కలిపి ఇంకో పూట. మొత్తం మూడున్నర రోజులు. చేతిలో నాలుగు. మిగిలింది ఒక్క పూట.

ఇక ఆ ‘రెండు గంటల’ బటన్. స్క్రీన్ మీద బటన్ పెట్టడం నిజంగానే గంట పని. కానీ నొక్కితే ఏం జరగాలి? ఎవరికి ఏ కస్టమర్ డేటా డౌన్‌లోడ్ చేసుకునే హక్కుందో చెక్ చేయాలి. లేకపోతే ఒకరి లెక్కలు ఇంకొకరి చేతికి వెళ్తాయి. రిపోర్ట్‌లో రెండు లక్షల వరసలుంటే పేజీ తిరిగి తిరిగి టైమవుట్ అవుతుంది, కాబట్టి ఫైలు వెనకాల తయారై తర్వాత లింక్ రావాలి. టెస్టింగ్ ఉంది. రిలీజ్ ఉంది. నిజాయితీగా లెక్కేస్తే రెండు రోజులు. మూడున్నరకి రెండు కలిపితే ఐదున్నర. నాలుగు రోజుల్లో ఐదున్నర రోజుల పని.

ఇక్కడ చాలామంది ఈ లెక్క మొత్తం బాస్‌కి చెప్పేస్తారు. అది పనిచేయదు. మీ లెక్క ఆయనకి సాకులా వినిపిస్తుంది. ఈ అమ్మాయి లెక్క తన దగ్గరే పెట్టుకుని ముందు ఒక ప్రశ్న అడిగింది: ‘మంగళవారం దీంతో వాళ్లు ఏం చేస్తారు సార్?’

బాస్‌కీ సరిగ్గా తెలియదు. పాత మెయిల్ తీసి చదివాడు. క్లయింట్ దగ్గర ఫైనాన్స్ చూసే ఆయనకి మంగళవారం ఒక మీటింగ్ ఉంది. గత మూడు నెలల రిఫండ్ల లిస్టు తన పైవాళ్లకి ఎక్సెల్‌లో చూపించాలి. అంతే. ఆయనకి కావాల్సింది ఒక ఫైలు. అది ఎవరి చెవిలోంచి ఎవరి చెవిలోకి వచ్చేసరికో ‘బటన్’ అయింది.

ఆ సంగతి బయటపడ్డాక, 7 గంటలకల్లా ఆమె రాసిన మెసేజ్ దాదాపు ఇలా ఉంది.

‘సార్, మంగళవారం మీటింగ్‌కి రిఫండ్ల లిస్టు ఎక్సెల్ ఫైలుగా సోమవారం మధ్యాహ్నం 3 కల్లా మీకు ఇస్తాను. డేటా బయటికి తీయడానికి క్లయింట్ నుంచి ఒక మెయిల్ పర్మిషన్ కావాలి, అది రాత్రి కాల్‌లో మీరు అడగండి. బటన్ మాత్రం రెండు రోజుల పని. ఇప్పుడు మొదలుపెడితే రీట్రై రిలీజ్ బుధవారం నుంచి శుక్రవారానికి వెళ్తుంది. బటన్‌ని వచ్చే స్ప్రింట్‌లో మొదటి ఐటమ్‌గా పెడదామా?’

ఆ ఫైలు తీయడానికి ఆమెకి పట్టింది గంట. డేటాబేస్ కాపీ మీద ఒక క్వెరీ, వచ్చిన మొత్తాన్ని స్క్రీన్ మీద మొత్తంతో సరిచూసుకోవడం. ఆ మిగిలిన ఒక్క పూటలో హాయిగా సరిపోయింది.

మెసేజ్‌ని ఇంకోసారి చదవండి. అందులో ‘కుదరదు’ లేదు, ‘బిజీ’ లేదు, ‘సారీ’ కూడా లేదు. మొదటి వాక్యంలోనే ఆయనకి ఏం దొరుకుతుందో, ఏ రోజు, ఏ టైమ్‌కో ఉంది. రాత్రి కాల్‌లో చెప్పుకోవడానికి ఆయనకి ఒక మాట దొరికింది. నిశ్చింత అన్నది అదే. ‘నో’ ఉన్నది మధ్యలో, అదీ ఆయన సొంత భాషలో. ‘నాకు టైమ్ లేదు’ అంటే అది ఆమె సమస్య. ‘రిలీజ్ శుక్రవారానికి వెళ్తుంది’ అంటే ఆయన సమస్య. చివర ఆయన తేలిగ్గా సరే అనగలిగే ఒక ప్రశ్న. విలియం యూరీ అనే అమెరికన్ 2007లో కేవలం ‘నో’ చెప్పడం మీదే ఒక పుస్తకం రాశాడు. అందులోనూ సారం ఇంచుమించు ఇదే: ‘నో’ని రెండు ‘ఎస్’ల మధ్య పెట్టి ఇవ్వాలి.

పర్మిషన్ మాటని కూడా వదిలేయకండి. అది పెట్టకుండా హడావిడిగా ప్రొడక్షన్ డేటా తీసి మెయిల్ చేసి ఉంటే, సాయం చేయబోయి సెక్యూరిటీ టీమ్ దగ్గర ఇరుక్కునేది. సగం పని ఇస్తున్నప్పుడు ఆ సగాన్ని శుభ్రంగా ఇవ్వాలి.

అయినా ఒప్పుకోకపోతే?

‘అదంతా నాకు తెలియదు, కాస్త స్ట్రెచ్ చేయలేవా?’ అనే బాస్ ఉంటాడు. ఈయన కూడా మొదట అదే అన్నాడు. దానికి ఆమె జవాబు ఒక్క లైను: ‘చేద్దాం సార్. అయితే రీట్రై ఆపనా, ఆన్‌కాల్ వేరేవాళ్లకి ఇవ్వనా, మీరు చెప్పండి.’

ఈ ప్రశ్నలో కిటుకు ఏమిటంటే, ఎంచుకునే పని ఆయన చేతికి వెళ్తుంది. నిజానికి అది ఆయన పనే. ప్రాధాన్యం తేల్చడానికే మేనేజర్‌కి జీతం. మన దగ్గర ఏమవుతుందంటే, ఆయన తేల్చడు, మనం అడగం, చివరికి రాత్రి నిద్ర తేలుస్తుంది. అడిగితే పదిసార్లలో ఎక్కువసార్లు ఆయనే ‘సర్లే, ఫైలు చాలు’ అంటాడు. కొన్నిసార్లు ‘రీట్రై ఆపు’ అంటాడు. అప్పుడు ఆపేయండి, ఏం ఫర్వాలేదు. ఆపింది ఆయన. మీకు తెలియని ఒత్తిడి పైనుంచి ఏదో ఉండి ఉండొచ్చు.

కానీ ఈ ప్రశ్న చెడగొట్టుకోవడం చాలా సులువు. గ్రూపులో పదిమంది ముందు అడిగితే అది ప్రశ్న కాదు, సవాలు. క్లయింట్ కాల్‌లో అడిగితే ఇంక చెప్పక్కర్లేదు. నేనైతే ఫోన్‌లో గానీ ఆయన డెస్క్ దగ్గర నిలబడి గానీ అడగమంటాను. గొంతులో వెటకారం లేదని ఆయనకి వినిపించాలి కాబట్టి. మాట్లాడాక మాత్రం రెండు లైన్లు చాట్‌లో రాసిపెట్టండి: ‘మనం అనుకున్నట్టు సోమవారం ఫైలు, బుధవారం రీట్రై, బటన్ వచ్చే స్ప్రింట్.’ ఇది ఆయన మీద సాక్ష్యం కోసం కాదు. వారంలో ఇలాంటివి నలభై మాట్లాడే మనిషి, నిజంగానే మర్చిపోతాడు.

ఇంకో మాట. అబద్ధపు కారణాలు చెప్పకండి. ల్యాప్‌టాప్ పాడైంది, అమ్మమ్మకి బాలేదు, ఇంట్లో కరెంటు లేదు లాంటివి. అవి ఒకసారి పనిచేస్తాయి. తర్వాత అమ్మమ్మకి నిజంగా బాలేనప్పుడు ఎవరూ నమ్మరు. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, కరెంటు వచ్చాక పని చేస్తారనే కదా దానర్థం! వాయిదా పడింది గానీ పని తప్పలేదు.

సరే అనే వాడికి ఏమవుతుంది?

అదే టీమ్‌లో దేనికైనా సరే అనే కుర్రాడు ఒకడున్నాడు. మంచివాడు, తెలివైనవాడు. ఏడాదిపాటు బాస్‌కి అతనే హీరో. రెండో ఏడు అతని పనులన్నీ ఆలస్యం కావడం మొదలైంది. బద్ధకం కాదు. క్యూ లెక్క.

ఒకే కౌంటరున్న బ్యాంకు ఊహించుకోండి. జనం వాళ్లకి తోచినప్పుడు వస్తుంటారు. కౌంటర్‌లో మనిషి తన టైమ్‌లో 80 శాతం బిజీగా ఉంటే, వచ్చినవాళ్లు సగటున నలుగురి పని పట్టేంత సేపు ఆగాలి. 90 శాతం బిజీ అయితే తొమ్మిది మందికి పట్టేంత సేపు. 95 శాతానికి వెళ్తే పంతొమ్మిది! బిజీ పెరిగింది 15 శాతమే, ఆగే టైమ్ మాత్రం దాదాపు ఐదింతలు. క్యూయింగ్ థియరీలో అతి మామూలు లెక్క ఇది, చాలామంది ఇంజినీరింగ్‌లో చదివే ఉంటారు. సర్వర్ సీపీయూ 80 దాటితే మనం అలర్ట్ పెడతాం, ఇంకో మెషిన్ జోడిస్తాం. మనిషికి మాత్రం 100 దాటాక ‘డెడికేషన్’ అని సర్టిఫికెట్ ఇస్తాం.

ఈ లెక్క బాస్‌కి చెప్పమని కాదు. మీరు తెలుసుకోవాలని. వారంలో ఒక పూట ఖాళీగా ఉంచుకున్నవాళ్లే గురువారం సాయంత్రం అడిగిన ఫైలుని సోమవారం ఇవ్వగలరు. నిండిపోయినవాడు దేనికైనా సరే అనగలడు గానీ ఏదీ సమయానికి ఇవ్వలేడు.

అప్రైజల్ గదిలో మీ పేరొచ్చినప్పుడు

ఇదంతా బాగానే ఉంది, మరి రేటింగ్? ఇక్కడే కాస్త తెలివి కావాలి.

చాలా కంపెనీల్లో రేటింగ్ మీ బాస్ ఒక్కడే వేయడు. మేనేజర్లంతా ఒక గదిలో కూర్చుంటారు. పై రేటింగ్‌లు కొన్నే ఉంటాయి. మీ బాస్ మీ పేరు చెప్పగానే పక్క టీమ్ మేనేజర్ ‘ఏం చేసింది?’ అంటాడు. అప్పుడు మీ బాస్ దగ్గర ఒక కథ ఉండాలి. సరే అనేవాళ్లకి ఆ కథ రెడీగా ఉంటుంది: ‘దీపావళి రాత్రి ఫోన్ చేస్తే వచ్చి సర్వర్ నిలబెట్టాడు.’ మీరు పద్ధతిగా ఉన్నారు, ఏదీ కూలిపోనివ్వలేదు. కూలిపోనిదానికి కథ ఎక్కడుంటుంది?

కాబట్టి కథ మీరే ఇవ్వాలి. నెలకోసారి, ఐదు లైన్లు, బాస్‌కి మాత్రమే. ‘రీట్రై చెప్పిన బుధవారమే వెళ్లింది. రిఫండ్ల ఫైలు 3కి అన్నాం, 2:40కి ఇచ్చాం, క్లయింట్ థాంక్స్ మెయిల్ ఇదిగో.’ గొప్పలు అక్కర్లేదు, తేదీలు చాలు. కొంతమందికి ఇది డప్పు కొట్టుకోవడంలా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. ఆ గదిలోకి ఆయన ఒట్టి చేతులతో వెళ్తే నష్టం మనకే.

రెండోది, మీ ‘ఎస్’లని ఎంచుకోండి. రాత్రి 11కి ప్రొడక్షన్ పడిపోతే బేరాలొద్దు, మొదటి ఐదు నిమిషాల్లో కాల్‌లో ఉండండి, మీ డ్యూటీ కాకపోయినా. ఏడాదికి అలాంటివి మూడో నాలుగో వస్తాయి. అవి బాస్ మర్చిపోడు. ఆ నాలుగిటి బలంతోనే మిగతా నలభైసార్లు ‘వచ్చే స్ప్రింట్ సార్’ అనగలుగుతారు.

వదిలించుకోవాల్సినవి మాత్రం వేరే ఉన్నాయి. మీటింగ్ నోట్స్ రాయడం, బతుకమ్మకి ఫ్లోర్ అలంకరణ, వెళ్లిపోయేవాళ్లకి గిఫ్ట్ కోసం డబ్బులు వసూలు, ప్రతి కొత్తవాడికీ ల్యాప్‌టాప్ సెటప్. ఒక్కొక్కటి అరగంటే. వీటికి రేటింగ్ గదిలో పూచికపుల్ల విలువ ఉండదు. అమెరికాలో లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్లండ్ వంటి ఆర్థికవేత్తలు సరిగ్గా ఈ పనుల మీదే పరిశోధన చేసి 2017లో ప్రచురించారు. ప్రమోషన్‌కి పనికిరాని పనుల్ని ఆడవాళ్లని ఎక్కువగా అడుగుతారు, వాళ్లు ఎక్కువగా ఒప్పుకుంటారు కూడా అని తేలింది. మన ఆఫీసుల్లో ముగ్గు ఎవరు వేస్తారో చూస్తే పరిశోధన అక్కర్లేదు లెండి.

వీటికి ‘నో’ అన్నా వేరే పద్ధతి కావాలి. ఇలాంటివాటిలో ‘నేను చేయను’ అంటే గీరగా వినిపిస్తుంది. వంతులు పెట్టండి. ‘సార్, నోట్స్ వారానికొకరం రాద్దాం. ఈ వారం నేను, వచ్చే వారం నుంచి లిస్టు ప్రకారం’ అని లిస్టు మీరే పంపండి. మొదటి పేరు మీదే పెట్టుకోండి. దాన్ని కాదనే బాస్‌ని నేనింతవరకు చూడలేదు.

రెండు మూడు నెలలు ఇలా చేశాక పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? బాస్ అడిగే తీరు చూడండి. ‘ఇది చేసెయ్’ అనేవాడు ‘ఇది ఎన్ని రోజులు పడుతుంది?’ అంటుంటే బాగుందని అర్థం. క్లయింట్‌కి మాట ఇచ్చే ముందే మీకు పింగ్ చేస్తుంటే ఇంకా బాగు. అలా కాకుండా పని అడగడమే మానేసి, కాల్స్‌కి పిలవకుండా, మీ మంచి పనుల్ని కూడా సరే అనేవాడికి ఇస్తుంటే లెక్క తప్పుతోందని గుర్తు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆయనతో పావుగంట విడిగా కూర్చుని ‘నేను చెప్పే తీరులో ఏమైనా ఇబ్బందిగా ఉందా సార్?’ అని సూటిగా అడగాలి.

ఇది పనిచేయని చోట్లు

కొత్తగా చేరిన మొదటి ఆరు నెలలు ఇదంతా పెద్దగా వాడకండి. మీ రెండు రోజులు నిజంగా రెండు రోజులేనని ఆయనకి ఇంకా తెలియదు. చెప్పిన రోజుకి నాలుగైదుసార్లు ఇచ్చాకే మీ అంచనాకి విలువ.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లోపే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా బయల్దేరాలి. అక్కడి మనవాళ్లు శనివారాలు కూడా ఎందుకు సరే అంటారో ఇక్కడ కూర్చుని విమర్శించడం తేలిక. వాళ్లకి ‘ఏది ఆపమంటారు?’ అన్న ప్రశ్న పనికొస్తుంది, ఎందుకంటే అందులో కాదనడం లేదు. మిగతాది వాళ్ల వీసా బట్టి వాళ్లే చూసుకోవాలి.

ఇక కొంతమంది బాస్‌లకి నిశ్చింత కూడా అక్కర్లేదు, లొంగిపోవడమే కావాలి. ఫైలు ఇస్తానన్నా, రిలీజ్ ఆగుతుందన్నా, ‘నాకు ఎదురు చెప్తున్నావా?’ అంటాడు. ప్రాధాన్యం అడిగితే ‘అన్నీ ముఖ్యమే’ అంటాడు, ప్రతిసారీ. రెండు అప్రైజల్‌లు అలాగే గడిస్తే ఆయన్ని మార్చే మెసేజ్ ఏదీ లేదు. అప్పుడు చూడాల్సింది కంపెనీలో వేరే టీమ్‌కి ట్రాన్స్‌ఫర్ అడ్రస్. అదీ కాకపోతే బయట. మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. కొత్త కంపెనీలు అన్ని రోజులు ఆగమంటే మొహం చిట్లిస్తాయి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో బైఅవుట్ క్లాజ్ ఉందో లేదో కోపం వచ్చిన రోజు కాకుండా ఇవాళే ఒకసారి తీసి చదివి పెట్టుకోండి.